లేయర్ కట్ జుట్టును దానం కోసం ఎట్ల కొలవాలె, ఎట్ల కట్టి కోయించాలె?

«మాది నల్గొండ. క్యాన్సర్ పేషెంట్ల విగ్గుల కోసం జుట్టు ఇద్దామని ఉంది, 12 అంగుళాలు కావాలన్నరు. మెడ దగ్గర నుంచి కొసకు 19 అంగుళాలు వస్తున్నయ్, కానీ పోయినేడు లేయర్ కట్ చేయించుకున్న. ఎక్కడి నుంచి కొలవాలె? పార్లర్‌లో ఒక్కటే పోనీటెయిల్ కట్టి కోస్తమంటున్నరు, సరిపోతదా?»

ఒక్క పోనీటెయిల్ వద్దక్కా. లేయర్ కట్‌కు అయితే అసలే వద్దు.

నుదుటి దగ్గరి వెంట్రుక తల మీదుగా పోయి మెడ దగ్గరి బ్యాండు చేరాలంటే అడుగుకు పైనే దారి ఉంటది. ఆ వెంట్రుక వేర్ల నుంచి కొసకు 21 అంగుళాలు ఉన్నా, బ్యాండు కింద మిగిలేది ఎనిమిదో తొమ్మిదో. మెడ దగ్గర పుట్టిన వెంట్రుకకు ఆ దారి ఖర్చే లేదు, అది దాదాపు మొత్తం బ్యాండు కిందికే వస్తది. అంటే బయటికి ఒక్క జుట్టు కట్టలాగ కనపడేదాంట్ల 17 అంగుళాలవీ ఉంటయ్, 8 అంగుళాలవీ ఉంటయ్. కోసినాక ఇంకో తిప్పలు: మెడ దగ్గర వేలెడు కూడా మిగలది, ముందు మాత్రం అడుగు పొడుగు వేలాడతది. రెండింటినీ సమం చేసేసరికి మీకు బాయ్ కట్ అయితది. «దానం చేస్తే జుట్టు పాడైంది» అని బాధపడేటోళ్లలో చానా మంది కథ ఇదే. తప్పు దానంది కాదు, ఒక్క బ్యాండుది.

అందుకే పాయలుగ విడదీసి కట్టాలె. లేయర్ లేని జుట్టుకు నాలుగు పాయలు చాలు. మీకు ఆరు కావాలె. నడి పాపిట నుదుటి నుంచి మెడ దాకా తీయండి. తర్వాత ఒక చెవి పైనుంచి నడినెత్తి మీదుగా ఇంకో చెవి దాకా అడ్డంగ ఒక గీత తీయండి. ముందు భాగం రెండు పాయలు అయితయ్. వెనుక భాగాన్ని మళ్ల చెవుల మట్టంలో అడ్డంగ చీల్చితే పైన రెండు, కింద రెండు. తోక దువ్వెనతో గీత సాఫుగ వస్తది. ఒక పాయ వెంట్రుకలు ఇంకో పాయల కలవకుండ క్లిప్పులు పెట్టుకోండి.

ఇప్పుడు కొలత. టేపును నెత్తి మీద ఆనించి కొలిచినోళ్ల లెక్కే ఎక్కువగ తప్పుతది. లెక్క బ్యాండు దగ్గర మొదలై కొస దగ్గర ఆగాలె. బ్యాండుకు పైన ఉన్నది మీ తల మీద ఉండేది, దానితోని వాళ్లకు పని లేదు. కొస అంటే కూడ ఆ చివర కనపడే నాలుగు వెంట్రుకలు కాదు. పాయను రెండు వేళ్ల మధ్య అదిమి పట్టుకొని బ్యాండు నుంచి మెల్లగ కిందికి జరుపుతూ పోండి. ఒక చోట పొట్టి కొసలు వేళ్ల పక్క నుంచి పొడుచుకొని బయటికొస్తయ్, పాయ పల్చబడ్డట్టు వేలికే తెలుస్తది. టేపు ఆగాల్సింది అక్కడ. ఆ కింద వేలాడేది చూడటానికే, లెక్కలకు రాదు.

దర్జీ టేపు వాడండి. జానెడు, మూరెడు లెక్కలు మనిషి చేతిని బట్టి మారతయ్, 12 అంగుళాలంటే ముప్పయిన్నర సెంటీమీటర్లు. జుట్టు పూర్తిగ ఆరినాకే కొలవాలె, ఎందుకంటే తడి వెంట్రుక లాగితే సాగుతది. తడిమీద 12 ఉన్నది ఆరేసరికి 11 అయి కూర్చుంటది. ఉంగరాల జుట్టయితే మెల్లగ సాపు చేసి పట్టుకొని కొలిస్తే ఒప్పుకుంటరు. జడేసి కొలవకండి, మెలికల్లో పొడుగు కొంత దాక్కుంటది, పొట్టివి మధ్యల ఎక్కడ ఆగినయో కనపడది.

మీ 19 అంగుళాలనే తీసుకుందాం. కింది వెనుక పాయల్లో చివరి అంగుళం పల్చనిది అనుకుంటే పనికొచ్చేది 18. అడిగింది 12 అయినా 13 కట్టండి, ఎందుకో కింద చెప్త. 18ల నుంచి 13 తీస్తే 5, అంటే బ్యాండు మెడ జుట్టు మొదలయ్యే చోటు నుంచి 5 అంగుళాల కిందికి. కత్తెర దానికి అర అంగుళం పైన పడ్తది, మీకు నాలుగున్నర మిగులుతది. పార్లర్‌లో అంచు సమం చేసినాక నాలుగు అనుకోండి, భుజం మట్టానికి కొంచెం పైన.

పై వెనుక పాయలతోనే చిక్కు, లేయర్లు ఉండేది అక్కడే. వాటి పొట్టి కొసలు మెడ నుంచి 15 అంగుళాల కాడికే ఆగినయనుకోండి. కింది పాయల మట్టంలోనే బ్యాండు కడ్తే 10 వస్తది, చాలదు. కానీ ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఈ వెంట్రుకల వేర్లు మెడకు దాదాపు 6 అంగుళాల పైన ఉన్నయ్. బ్యాండును 3 అంగుళాలు పైకి జరిపి మెడ నుంచి 2 అంగుళాల కింద కడ్తే 13 వచ్చేస్తది, నెత్తి మీద ఇంకా ఏడున్నర మిగులుతది. పొట్టిగ అయితదని భయపడాల్సిన పని లేదు. కోసినాక మళ్ల లేయర్ బాబ్ లాగనే ఉంటది. అందుకే అన్ని బ్యాండ్లు ఒకే మట్టంలో ఉండాలన్న రూలు నాకు నచ్చది. ఒక్కో పాయను దాని పొట్టి కొసను బట్టి కట్టాలె.

ముందు రెండు పాయల్లో ముఖం పక్కన పడే వెంట్రుకలు భుజం దగ్గరే ఆగినయంటే అవి 12 అందుకోవు. వాటిని విడిగ తీసి క్లిప్పు పెట్టి వదిలేయండి, పాయల కలపకండి. అవి కలిస్తే పాయ లావుగ కనపడతదే గానీ విగ్గు చేసే కాడ దువ్వినప్పుడు రాలిపోతయ్.

12 అడిగితే 13 ఎందుకంటే, విగ్గు చేసేటప్పుడు పోయే పొడుగు కోసం కాదు. విగ్గు జాలీకి వెంట్రుకను కొక్కెం సూదితో మడిచి ముడేస్తరు, మడతల కొంత పొడుగు పోతది. దానికి ముందు ఇనుప పండ్ల దువ్వెన మీద దువ్వి పొట్టివి ఏరేస్తరు. ఆ నష్టం వాళ్ల లెక్కల ముందే ఉంటది. మన అదనపు అంగుళం కత్తెర వంకర పోయినందుకు, బ్యాండు జారినందుకు. అడిగే పొడుగు కూడ అందరిదీ ఒకటి కాదు. అమెరికాల లాక్స్ ఆఫ్ లవ్ 10 అంగుళాలు అడుగుతది, విగ్స్ ఫర్ కిడ్స్ 12. మీరు ఎవరికి పంపుతున్నరో వాళ్ల రూలు చూసుకున్నాకే కత్తెర ముట్టుకోండి. రంగు, గోరింటాకు, స్మూతనింగ్ సంగతి కూడ వాళ్లనే అడగాలె. బ్లీచ్ చేసిన జుట్టు మాత్రం మామూలుగ తీసుకోరు.

కొలిచినాక తక్కువ పడితే ఆగండి. జుట్టు నెలకు దాదాపు అర అంగుళం పెరుగుతది, అంటే 3 అంగుళాల లోటుకు ఆర్నెల్లు. ఈ ఆర్నెల్లల్లో కొసలు కత్తిరించుకోవద్దని కాదు. మూణ్ణెల్లకోసారి అర అంగుళం తీస్తే పెరిగిన ఒకటిన్నరలో ఒకటే మిగులుతది, అప్పుడు 3 అంగుళాలకు తొమ్మిది నెలలు పడ్తది. లేయర్లు కలవాలంటే తీసేది పొడుగు కొసలనే తీయించండి, పొట్టివాటిని ముట్టనియ్యకండి. పార్లర్‌లో «ట్రిమ్» అనంగనే అన్ని వైపులా తీస్తరు, కాబట్టి కూర్చునే ముందే చెప్పాలె.

కోసే రోజుకు ముందు రోజు తలస్నానం. షాంపూ రెండుసార్లు పెట్టి కొబ్బరినూనె జిడ్డంతా పోగొట్టాలె, తర్వాత కండిషనర్ వద్దు, నూనె వద్దు. జిడ్డు మీద బ్యాండు నిలవది. వానాకాలంల అయితే పైకి ఆరినట్టే ఉండి లోపల చెమ్మ ఉంటది, ఫ్యాన్ కింద కూర్చొని వేళ్లతోని వేర్ల దాకా తడిమి చూసుకోండి. చెమ్మతో కవర్ల పెట్టిన జుట్టు దారిలనే బూజు పడ్తది.

బ్యాండు సన్నటి, పట్టు ఉన్న నల్ల రబ్బరుది తీసుకోండి. గుడ్డ చుట్టిన లావు బ్యాండు జారుతది. కాగితాలకేసే రబ్బరు ఎండకు అతుక్కొని, తీసేటప్పుడు వెంట్రుకలు పీకుతది. మూడు నాలుగు చుట్లు గట్టిగ వేసి, కింద పాయను ఒకసారి లాగి చూడండి. కొన్ని వెంట్రుకలు జారి వచ్చినయంటే ఇంకో చుట్టు వేయాలె. ఆ బ్యాండు కింద మూడంగుళాలకొకటి, కొస దగ్గర ఒకటి. కోసినాక పై బ్యాండు ఒక్కటే ఉండి అది జారిందనుకోండి, పని మొత్తం ఆడికే పోయినట్టు.

ఎందుకంటే వెంట్రుకకు వేరు వైపు, కొస వైపు ఉంటయ్, పైన పొలుసులన్నీ కొస వైపుకే వంగి ఉంటయ్. నాలుగు వెంట్రుకలు తలకిందులుగ కలిసినా పొలుసుకు పొలుసు తట్టుకొని విగ్గు చిక్కుపడ్తది. గిన్నెలిచ్చి చిక్కు వెంట్రుకలు కొనేటాయన వీధిల తిరుగుతడు గదా, ఆ ఉండల్లో వేరూ కొసా కలిసిపోయి ఉంటయ్ కాబట్టే వాటికి అంత తక్కువ ధర. పార్లర్‌లో కింద పడ్డవి ఊడ్చి కవర్ల వేస్తమంటే కూడ ఒప్పుకోవద్దు. యాదగిరిగుట్ట కల్యాణకట్టల ఇచ్చే తలనీలాల లెక్క వేరు, దాన్నీ దీన్నీ కలుపుకోకండి.

కోసేటప్పుడు తల నిటారుగ ఉండాలె. వంచితే మెడ దగ్గరి పాయ మట్టం మారి గీత వంకర పోతది. పాయను పైకి లాగి పట్టుకోవద్దు, కిందికే వేలాడనిచ్చి బ్యాండు కింద చెయ్యేసి పట్టుకోమనండి. కత్తెర నెత్తికీ బ్యాండుకూ మధ్యన, బ్యాండుకు అర అంగుళం పైన పడాలె. మరీ ఆనుకొని కోస్తే బ్యాండు మీదికి జారి ఊడొస్తది. పదునైన కత్తెరతో కొంచెం కొంచెంగ కోయాలె. ఒక్క దెబ్బకు కోద్దామంటే వెంట్రుకలు కత్తెర నోట్ల నుంచి ముందుకు జారి పాయ ఏటవాలుగ తెగుతది, ఒక పక్క 13 ఉంటే ఇంకో పక్క 12కు దిగిపోతది. రేజరు, పళ్ల కత్తెర దగ్గరికి రానియ్యకండి.

తెగిన పాయను వెంటనే తెల్ల కాగితం మీద పెట్టి టేపు మళ్ల ఒకసారి వేయండి. 12 దాటిన పాయలను వేరు వైపులన్నీ ఒకే పక్కకు పెట్టి కాగితంల చుట్టి, ఆ తర్వాత జిప్ కవర్ల వేయండి.