టెక్ సందేహాలు: మరిది కట్టే ప్లాన్ ఆగిపోతే నా ఫొటోలు ఏమవుతాయి?

*సార్, మా మరిది గూగుల్ వన్ 200 జీబీ ప్లాన్ తీసుకుని మూడేళ్ల కిందట నన్నూ ఫ్యామిలీలో కలిపాడు. ఇప్పుడు వాళ్లు వేరే ఊరు మారారు. వచ్చే నెల 9తో ప్లాన్ ఆపేస్తున్నానని చెప్పాడు. నా దాంట్లో 43 జీబీ ఉంది, పిల్లల ఫొటోలన్నీ అందులోనే. అవి పోతాయా? అతను ఆపకుండా నేనేమైనా చేయగలనా? చాలా టెన్షన్‌గా ఉంది.*

9వ తేదీ రాత్రి మీ ఫొటోలు ఒక్కటి కూడా పోదు. ముందు ఆ భయం తీసేయండి. మీ అకౌంట్ మీదే, అందులో ఉన్నవీ మీవే. మీ మరిది ఇచ్చింది అదనపు చోటు మాత్రమే. ప్లాన్ ఆగితే ఆ చోటు పోయి, అందరికీ ఉచితంగా వచ్చే 15 జీబీ మిగులుతుంది. మీ దగ్గర 43 ఉంది కాబట్టి 28 జీబీ ఎక్కువవుతుంది. ఇలా హద్దు దాటిన స్థితి వరుసగా రెండేళ్లు కొనసాగితే తప్ప గూగుల్ తొలగించడం గురించి ఆలోచించదు. అప్పుడు కూడా కనీసం మూడు నెలల ముందు మెయిల్ చేస్తుంది.

ఇక ఆపడం సంగతి. ప్లాన్‌ను రద్దు చేసే అధికారం దాన్ని కొన్న ఫ్యామిలీ మేనేజర్‌కే, అంటే మీ మరిదికే ఉంటుంది. మీ ఫోన్‌లో ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్ల పేజీలో ఆ ప్లాన్ కనిపించదు కూడా. మీ చేతిలో ఉన్నది గ్రూప్ నుంచి బయటికి రావడం ఒక్కటే. మీరు అడగలేదు గానీ చాలామంది మనసులో ఉండే ఇంకో అనుమానం కూడా తీర్చేస్తాను. మీ ఫొటోలు, మెయిళ్లు ఆయన చూడలేరు. మీరు ఎంత చోటు వాడుతున్నారో మాత్రం కనిపిస్తుంది.

మాట పట్టింపు వచ్చి ఇవాళే `Leave family group` నొక్కేయకండి. నొక్కిన క్షణమే అదనపు చోటు పోతుంది. 9వ తేదీ దాకా డబ్బు కట్టి ఉంది కాబట్టి అప్పటిదాకా ఉండి, ఈలోగా సర్దుకోండి. ఇంకో సంగతి, ఒక ఫ్యామిలీ గ్రూప్ నుంచి మరో గ్రూప్‌కు పన్నెండు నెలల్లో ఒక్కసారే మారగలరు. మీ వారు కొత్తగా గ్రూప్ పెట్టాలనుకుంటే ఎవరి పేరు మీద పెట్టాలో ముందే ఇంట్లో తేల్చుకోండి.

అసలు దెబ్బ తగిలేది ఫొటోలకు కాదు, మెయిల్‌కు. హద్దు దాటితే కొత్త ఫొటోలు బ్యాకప్ కావు, వాట్సాప్ బ్యాకప్ ఆగిపోతుంది. వాటితో పాటు జీమెయిల్‌లో మెయిల్ పంపడం, అందుకోవడం రెండూ ఆగిపోతాయి. మీకు వచ్చే ఉత్తరం పంపినవాళ్లకే తిరిగి వెళ్తుంది. మీ ఇన్‌బాక్స్ మామూలుగానే కనిపిస్తుంది, ఏది రాలేదో మీకు తెలియదు. మా నాన్నగారికి ఇలాగే జరిగింది. పెన్షన్ కాగితం కోసం ఓ ఆఫీసు పంపిన మెయిల్ తిరిగి వెళ్లిపోయింది. మూడు వారాలు ఆయన రోజూ ఫోన్ తెరిచి చూసుకుంటూనే ఉన్నారు. పైన సన్నటి ఎర్ర అక్షరాల్లో ఉన్న హెచ్చరికను ఏదో ప్రకటన అనుకున్నారు. నేను చూసేసరికి ఆయన బాక్సు నిండి 16 జీబీ దగ్గర ఉంది. అందుకే స్కూలు, బ్యాంకు మెయిళ్లు ఆ అడ్రస్‌కే వస్తుంటే 9వ తేదీని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇప్పుడు పని మొదలుపెడదాం. బ్రౌజర్‌లో `one.google.com/storage` తెరిస్తే ఏది ఎంత తింటోందో కనిపిస్తుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్ ప్రకారం ఫొటోలు 29, వాట్సాప్ బ్యాకప్ 9, జీమెయిల్ 3, డ్రైవ్ 2 జీబీ.

సులువైనది వాట్సాప్. అందులో Settings, Chats, Chat backup లోకి వెళ్లి వీడియోలు చేర్చే ఆప్షన్ ఆపి, వెంటనే ఒకసారి బ్యాకప్ చేయండి. కొత్తది పాతదాని స్థానంలో కూర్చుంటుంది. గ్రూపుల్లో వచ్చిన వీడియోలే ఎక్కువ కాబట్టి 9 కాస్తా 2 జీబీకి దిగొచ్చు. అలా దిగితే మొత్తం 36. ఇది 9వ తేదీకి ముందే చేయాలి. చోటు అయిపోయాక కొత్త బ్యాకప్ పూర్తికాకపోవచ్చు.

తర్వాత ఫొటోలు. మీ 29లో దాదాపు 17 జీబీ వీడియోలే. స్కూల్ డే డ్యాన్సులు, పుట్టినరోజు కేకు కోసిన పది నిమిషాల రికార్డింగులు అనుకుంటాను. వాటిని ఫోన్‌లోంచి కాకుండా ల్యాప్‌టాప్‌లో `takeout.google.com` నుంచి గూగుల్ ఫొటోస్ ఒక్కటే టిక్ చేసి దించుకోండి. తయారైన లింకు మెయిల్‌కు వస్తుంది, వారం రోజుల్లోపే దించుకోవాలి. ఫైళ్లు వచ్చాక హార్డ్ డిస్క్‌లో పెట్టి, పాతవీ కొత్తవీ కలిపి ఒక ఇరవై తెరిచి ఆడుతున్నాయో లేదో చూడండి. అంతా బాగుందనుకున్నాకే తొలగించడం మొదలుపెట్టండి.

చాలామంది ఏడ్చేది ఈ మెట్టు దగ్గరే. గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ కొడితే క్లౌడ్‌లోదే కాదు, బ్యాకప్ అయిన అదే ఫోన్‌లోని కాపీ కూడా పోతుంది. ‘పైన తీసేస్తున్నా, ఫోన్‌లో ఉంటుందిలే’ అనుకోకండి. హార్డ్ డిస్క్‌లో కాపీ ఉందని కళ్లారా చూశాకే చెయ్యి వేయండి.

17 జీబీ తీసేసినా లెక్క తగ్గలేదేమిటి అనిపిస్తే కంగారు పడకండి, అవి ఇంకా ట్రాష్‌లో ఉన్నాయన్నమాట. బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, ఆ 60 రోజులూ చోటు తింటూనే ఉంటాయి. డ్రైవ్, జీమెయిల్ ట్రాష్‌లు 30 రోజులకు ఖాళీ అవుతాయి. మూడింటినీ మీరే ఖాళీ చేయండి. అప్పుడు 19కి దిగుతుంది.

జీమెయిల్ సెర్చ్‌లో ఇది టైప్ చేయండి:

```
has:attachment larger:10M
```

పది ఎంబీ దాటిన అటాచ్‌మెంట్ల మెయిళ్లన్నీ వరసగా వస్తాయి. అక్కర్లేనివి తీసేసి ట్రాష్ ఖాళీ చేస్తే ఒకటి రెండు జీబీ రావచ్చు. మిగిలిన లోటు కోసం గూగుల్ ఫొటోస్ సెట్టింగ్స్‌లో `Recover storage` అనేది ఉంది. అది ఒరిజినల్ ఫొటోలను కుదించి పెడుతుంది. 16 మెగాపిక్సెల్ దాటినవి 16కి, వీడియోలు 1080p కి తగ్గుతాయి. ఫోన్‌లో చూసుకోవడానికి తేడా తెలియదు, కానీ వెనక్కి తీసుకోలేం. ఒరిజినల్స్ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి మీకు అభ్యంతరం ఉండకూడదు. దీంతో 15 లోపలికి వచ్చేస్తారని నా అంచనా. రాకపోతే సొంతంగా చిన్న ప్లాన్ తీసుకోవడమే మేలు. 100 జీబీది చాలాకాలం నెలకు 130 రూపాయలు ఉంది, ఇప్పుడెంతో కొనే ముందు స్క్రీన్ మీద చూసుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలు తమ ప్లాన్‌లో మమ్మల్ని కలిపేస్తే పోదా అని కొందరు అడుగుతుంటారు. ఫ్యామిలీ గ్రూప్‌లో అందరూ మేనేజర్ ఉన్న దేశంలోనే ఉండాలన్నది గూగుల్ నియమం. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి విజయవాడలోని అమ్మానాన్నల్ని తన ప్లాన్‌లో కలపలేడు. వాళ్ల పేరు మీదే ఇక్కడ ఒక ప్లాన్ పెట్టి డబ్బు తను పంపడం ఒక్కటే దారి.

మీ మరిది కనీసం చెప్పి ఆపుతున్నాడు. చాలా ఇళ్లలో చెప్పకుండానే ఆగిపోతుంది, అందులో ఎవరి తప్పూ ఉండదు. పాత కార్డు పోయి కొత్తది వస్తే ఆటోమేటిక్ చెల్లింపును మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు. డబ్బు కట్ కావడానికి 24 గంటల ముందు బ్యాంకు పంపే సమాచారం కట్టేవాళ్లకే వెళ్తుంది, వాడేవాళ్లకు రాదు. కాబట్టి మీకు ఇంకెవరైనా ఏదైనా ప్లాన్ కడుతుంటే, రెన్యువల్ తేదీ అడిగి మీ క్యాలెండర్‌లో రాసుకోండి.

*నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లు చేశాను. ఈ నెలాఖరుతో మానేస్తున్నాను. ఆఫీసు మైక్రోసాఫ్ట్ 365 అకౌంట్‌లోని వన్‌డ్రైవ్‌లో నా ఆదాయపన్ను కాగితాలు, పాప ఫొటోలు ఉన్నాయి. మానేశాక సొంతంగా డబ్బు కట్టి అదే అకౌంట్ కొనసాగించుకోవచ్చా?*

కుదరదు. పై ప్రశ్న అడిగిన ఆవిడకూ మీకూ తేడా ఇక్కడే ఉంది. ఆవిడకు చోటు ఒక్కటే వేరేవాళ్లది, మీకు అకౌంటే కంపెనీది. మీరు కార్డు ఇచ్చినా తీసుకునే బటన్ ఎక్కడా లేదు.

మీ చివరి రోజు తర్వాత ఐటీ విభాగం మీ లాగిన్ ఆపుతుంది. యూజర్‌ను డిలీట్ చేస్తే 30 రోజుల్లోపు అడ్మిన్ మాత్రమే తిరిగి తేగలడు. మీ వన్‌డ్రైవ్ కూడా, కంపెనీ వేరే గడువు పెట్టుకోకపోతే, 30 రోజులే ఉంటుంది. ఆ సమయంలో దాన్ని చూసే హక్కు మామూలు సెట్టింగుల్లో మీ మేనేజర్‌కు వెళ్తుంది, లింకుతో మెయిల్ కూడా వస్తుంది. పాప ఫొటోలు, ఫారం 16లు ఆయన ముందు తెరిచి ఉంటాయి. మీరు వెళ్లిపోయాక ఫోన్ చేసి ‘ఆ ఫోల్డర్ పంపండి’ అని బతిమాలడం కన్నా ఇప్పుడే తెచ్చుకోవడం నయం.

పెన్‌డ్రైవ్ పని చేయకపోవచ్చు, సొంత మెయిల్‌కు పంపితే ఆఫీసు భద్రతా వ్యవస్థ పట్టుకోవచ్చు. అందుకని మీ సొంత కాగితాల జాబితాతో ఐటీ వాళ్లకు మెయిల్ పెట్టి, హెచ్‌ఆర్‌ను కాపీలో ఉంచి అనుమతి తీసుకోండి. పనికి సంబంధించిన ఒక్క ఫైలు కూడా అందులో కలపకండి. తీసుకున్నాక వన్‌డ్రైవ్‌లో మీ సొంత ఫోల్డర్ తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

ఆఫీసు మెయిల్ ఎక్కడెక్కడ ఇచ్చారో కూడా వెతకండి. ఆదాయపన్ను పోర్టల్, పీఎఫ్, బ్యాంకు, డీమ్యాట్ ఒక్కొక్కటిగా తెరిచి సొంత మెయిల్ పెట్టండి. మీ కార్డుతో ఆఫీసు మెయిల్ మీద తీసుకున్న సబ్‌స్క్రిప్షన్లు ఉంటే అవి ఇంకా చిక్కు. మెయిల్ పోయాక లాగిన్ కాలేరు, రద్దు చేయలేరు, డబ్బు మాత్రం నెల నెలా కట్ అవుతూనే ఉంటుంది. ముందు ఆ సైట్లలో మెయిల్ మార్చండి. ఏదైనా మిగిలిపోయి ఇరుక్కుంటే, బ్యాంకు యాప్‌లో మీ కార్డు మీద ఉన్న ఆటోమేటిక్ చెల్లింపుల జాబితా తెరిచి అక్కడి నుంచే ఆపేయవచ్చు.