ఇ-శ్రమ్ కార్డుంటే రెండు లక్షలు వస్తాయా?

ప్రశ్న: మాది బరంపురం. మా ఆయన (34) ఫుడ్ డెలివరీ చేసేవారు. 2026 ఫిబ్రవరి 9 రాత్రి ఆర్డరు ఇవ్వడానికి వెళ్తుంటే లారీ గుద్ది చనిపోయారు. ఇద్దరు చిన్నపిల్లలు. 2021లో తీసిన ఇ-శ్రమ్ కార్డుంది, అందులో తాపీ పని అని రాసి ఉంది. దాని మీద రెండు లక్షలొస్తాయంటే నాలుగు నెలలుగా తిరుగుతున్నాను. మూడు వేలిస్తే పని డెలివరీ అని మార్చి క్లెయిమ్ పెడతానని నెట్ సెంటర్ అబ్బాయి అంటున్నాడు. ఆయన సిమ్‌కొచ్చే ఓటీపీ చాలట. మార్పించమంటారా? మా తమ్ముడూ అదే పని చేస్తున్నాడు, వాడు కార్డు తీసుకోవాలా? కార్డు, పాస్‌బుక్ ఫొటోలు పంపాను.
– ఓ పాఠకురాలు

జవాబు: మార్పించొద్దమ్మా. పోయిన మనిషి పేరుతో ఓటీపీ కొట్టి వివరాలు మారిస్తే, ఏ రోజు మార్చారో పోర్టల్లో నమోదవుతుంది. మరణ ధ్రువపత్రంలో తేదీ ఫిబ్రవరిది, మార్పు జూన్‌ది. మోసం కేసు మీ మీదికొస్తుంది, ఆ అబ్బాయి మీదికి కాదు. పైగా అలా మార్చినా పైసా రాదు.

ఎందుకంటే ఇక్కడ తేల్చేది కార్డులో ఏ పని రాసి ఉందన్నది కాదు, ప్రమాదం ఎప్పుడు జరిగిందన్నది. ఇ-శ్రమ్ రెండు లక్షల పరిహారం 2022 మార్చి 31లోపు నమోదై, ఆ తేదీలోపే ప్రమాదానికి గురైనవారికి. మీవారి నమోదు గడువులోపలే ఉంది, ప్రమాదం దాటిపోయింది. నెట్ సెంటర్లలో అంటించిన పాత పోస్టర్లు చూసి జనం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు.

ఇక మీరు పంపిన పాస్‌బుక్ పేజీ చూడండి. 2025 మే 28న 20 రూపాయలు కోత, పక్కన పీఎంఎస్‌బీవై అని ఉంది. అదే ప్రధానమంత్రి సురక్షా బీమా. జూన్ 1 నుంచి మరుసటి మే 31 దాకా రక్షణ, ప్రమాద మరణానికి రెండు లక్షలు. మీ దారి ఇదీ. ఇంట్లో కాగితం పెట్టుకుని నాలుగు నెలలు పోర్టల్ చుట్టూ తిరిగారు, కోపంగానే ఉంది నాకు. బ్యాంకుకి క్లెయిమ్ ఫారం 30 రోజుల్లో ఇస్తే మంచిదని నిబంధన. దాటినంత మాత్రాన హక్కు పోదు గానీ, ఆలస్యానికి కారణం రాసిచ్చి ఈ వారమే పెట్టండి. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం జతచేయాలి. నామినీగా మీ పేరుందో లేదో ముందు అడగండి. ఆధార్‌లో ఇంటిపేరు చివర, పాస్‌బుక్‌లో ముందు ఉండటం మన తెలుగువాళ్లకి అక్కడ మామూలే. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ చేయించి ఉంచుకోండి.

ఇంతకంటే పెద్ద డబ్బు లారీ బీమా మీద ఉంది, దాని గురించి మీరు అడగనే లేదు. మోటారు ప్రమాద ట్రిబ్యునల్లో దరఖాస్తుకి చట్టం ఇచ్చిన గడువు ఆరు నెలలు, అంటే ఆగస్టు 9. గడువు దాటిందన్న ఒక్క కారణంతో దరఖాస్తులు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, కానీ మధ్యంతర ఉత్తర్వుని నమ్ముకుని కూర్చోవడం తెలివి కాదు.

అక్కడ గొడవంతా ఆదాయం మీదే జరుగుతుంది. రుజువు లేకపోతే కూలివాడి లెక్క కడతారు. 34 ఏళ్ల వయసుకి గుణకం 16, అంటే ఏడాది ఆదాయాన్ని పదహారుతో గుణిస్తారు. మీరు ముగ్గురు ఆధారపడ్డవారు కాబట్టి ఆయన సొంత ఖర్చుకి మూడో వంతు తీసేస్తారు. నెలాదాయంలో 6,000 తేడా వస్తే పరిహారంలో 7,68,000 తేడా. వారం వారం కంపెనీ వేసిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంటుంది, ఏడాదిది తీయించండి. ఆయన ఫోనులో యాప్ ఇంకా తెరుచుకుంటుంటే సంపాదన పేజీలూ, ఆ రాత్రి ఆర్డరూ ఇవాళే స్క్రీన్‌షాట్ తీయండి. ఐడీ మూసేశాక ఏమీ కనపడదు. అదే ఆర్డరు వివరంతో, డెలివరీవాళ్లకి తీసుకున్న ప్రమాద బీమా ఏదైనా ఉందా అని కంపెనీకి ఈమెయిల్ రాయండి. ఫోనులో అడిగిందానికి సాక్ష్యం ఉండదు.

మీ తమ్ముడి సంగతి. ఇ-శ్రమ్‌లో ప్లాట్‌ఫామ్ వర్కర్‌గా నమోదు చేసుకోమనండి. ఖర్చేమీ లేదు, ఆధార్‌కి లింకైన ఫోను చాలు, కంపెనీ పేరు సరిగా ఎంచుకోవాలి. దానితో వచ్చేది గుర్తింపు సంఖ్య. ఆయుష్మాన్ భారత్ కింద ఆసుపత్రిలో చేరితే కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల వరకు చికిత్స ఇస్తామని 2025 బడ్జెట్‌లో చెప్పింది ఈ నమోదు ఉన్న గిగ్ కార్మికులకే. చనిపోతే చేతికొచ్చే డబ్బు అందులో లేదు. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. కంపెనీలు టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం నిధికి కట్టాలని అందులో ఉంది, ఆ నిధి నుంచి పథకాలు రావాలి. అందాకా ఖాతాలో 20 రూపాయల బీమా, 436 రూపాయల జీవన జ్యోతి రెండూ పెట్టించమనండి, మే నెలాఖరున ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోమనండి. ఖాతా ఖాళీగా ఉంటే కోత పడదు, బీమా ఆగిపోతుంది.