పాత తేదీతో ధరల పట్టిక పెట్టవచ్చా?

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా నాన్నగారి కాలం నుంచి చీరల దుకాణం ఉంది. కిందటి దసరాకు ‘జిల్లాలోనే అతి తక్కువ ధర, అత్యుత్తమ నాణ్యత’ అని కరపత్రాలు పంచాము. ఒకామె మా దగ్గర 6,800 రూపాయలకు గద్వాల చీర కొని, అలాంటిదే వేరేచోట 5,900కే దొరికిందని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసింది. నోటీసు అంది 22 రోజులైంది. ఇన్నేళ్ల పేరు పోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. కొని పది నెలలైంది కదా, ఫిర్యాదు చెల్లుతుందా? అప్పటి తేదీతో ఇతర దుకాణాల ధరల పట్టిక తయారుచేసి కమిషన్ ముందు పెట్టమని తెలిసినవాళ్లు అంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: పెట్టకండి. కమిషన్ ముందు జరిగేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అందులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. ఇప్పుడు మీ మీద ఉన్నది ఒక చీర ధరలో తేడా, కొంత పరిహారం. ఆ పట్టిక పెట్టిన రోజున అది క్రిమినల్ వ్యవహారం అవుతుంది. అందులో పేరున్న ఒక్క దుకాణదారు వచ్చి ‘మమ్మల్ని ఎవరూ అడగలేదు’ అంటే చాలు.

గడువు లెక్క మీరు ఆమె వైపు చూస్తున్నారు, చూడవలసింది మీ వైపు. ఫిర్యాదుకు ఆమెకు రెండేళ్ల గడువు ఉంది, అది చెల్లుతుంది. మీకున్నది ఫిర్యాదు ప్రతితో నోటీసు అందిన నాటి నుంచి 30 రోజులు. అడిగితే కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు. ఆ 45 దాటితే జవాబు తీసుకునే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. నోటీసు చేతిలో పెట్టుకుని, తెలిసినవాళ్ల మాటలు వింటూ మూడు వారాలు పోగొట్టడం క్షమించరాని అజాగ్రత్త.

ఇక కేసును తేల్చేది దుకాణం వయసు కాదు. కరపత్రం అచ్చుకు ఇచ్చిన రోజున ఆ మాటకు ఆధారం మీ చేతిలో ఉందా, లేదా అన్నదే ప్రశ్న. ‘అత్యుత్తమ నాణ్యత’ ప్రతి వ్యాపారీ తన సరుకును పొగుడుకునే మాట. దాన్ని కొలవలేము కనుక అదొక్కటే సాధారణంగా మిమ్మల్ని ముంచదు. పక్కనే ‘స్వచ్ఛమైన పట్టు’ అనో ‘చేనేత’ అనో ఉంటే మాత్రం అది పరీక్షకు నిలవవలసిన వాస్తవం. చీరను ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ‘అతి తక్కువ ధర’ కూడా ఇలా తేల్చగల మాటే. తేల్చగల విషయం చెబితే రుజువు చూపగలగాలని 2022 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా మీరు ‘జిల్లాలోనే’ అన్నారు. గడియార స్తంభం దగ్గరి నాలుగు దుకాణాలు చూస్తే చాలదు. జడ్చర్లలో ఏ చిన్న కొట్టులోనైనా అదే చీర అదే రోజున తక్కువకు అమ్మితే మాట అబద్ధమే.

‘అదే చీర’ అన్నచోటే మీకు నిజమైన వాదన ఉండవచ్చు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు ఉండటం సంప్రదాయం. పూర్తి పట్టుతో నేసినవీ వస్తాయి. మీరు అమ్మింది పూర్తి పట్టు, ఆమె పోల్చింది నూలు ఒడలు అయితే ఆ 900 తేడాకు కారణం అదే. మీ బిల్లు, నేతగాడు లేదా టోకు వ్యాపారి ఇచ్చిన బిల్లు, స్టాకు పుస్తకం తీయండి. ఆమె దాఖలు చేసింది రెండో దుకాణం బిల్లా, ఫోనులో తీసిన ధర చీటీ ఫొటోనా చూడండి. తేదీ కూడా ముఖ్యం. పండుగ అయ్యాక మిగిలిన సరుకు తగ్గించి అమ్మిన ధర, దసరా నాటి మీ మాటను అబద్ధం చేయదు.

రెండూ ఒకే రకం చీరలై, అప్పట్లో జిల్లా దుకాణాల ధరలపై చేసిన సర్వే మీ దగ్గర లేకపోతే పోరాడకండి. మొదటి వాయిదాలోనే మధ్యవర్తిత్వానికి ఒప్పుకుని, తేడా సొమ్ము, ఆమె ఖర్చులు చెల్లించి రాజీపడండి.

ఈ దసరా కరపత్రంలో జిల్లా ఊసు వద్దు. మీ ధరను మీ పాత ధరతోనే పోల్చండి: ‘గత నెల మా దగ్గర 6,800, ఇప్పుడు 5,900’. గత నెల నిజంగా 6,800కు అమ్మిన బిల్లులు ఉండాలి. ఎవరికీ అమ్మని ధర వేసి కొట్టేస్తే అది కూడా మోసపు ప్రకటనే. ‘వేరేచోట తక్కువకు చూపితే తేడా ఇస్తాం’ అన్నది హామీ మాత్రమే, అతి తక్కువ ధర అనడానికి రుజువు కాదు. అయినా ఇచ్చారంటే నిలబెట్టుకోవాలి. దానికి షరతులుంటే తెలుగులోనే, హామీ ఉన్న అక్షరాల్లోనే వేయించండి. మూలన చీమ తలకాయంత ‘షరతులు వర్తిస్తాయి’ మిమ్మల్ని కాపాడదు.

నోటీసు, ఫిర్యాదు ప్రతి, ఆ కరపత్రం, దసరా నెల బిల్లు పుస్తకం తీసుకుని రేపే మీ న్యాయవాదిని కలవండి. మీ 30 రోజుల్లో ఇంకా ఎనిమిదే మిగిలాయి.