37 ఏళ్లకు తొలి కాన్పు: ఇంకో ఏడాది ఆగొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 37, మావారికి 40. ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలు, హైదరాబాద్‌లో ఉంటున్నాం. పెళ్లై నాలుగేళ్లైనా ఇల్లు కుదురుకున్నాకే పిల్లలని వాయిదా వేశాం. నెలసరి సక్రమంగానే వస్తుంది. రక్తపరీక్షలో ఏఎంహెచ్ 1.6 వచ్చింది. మా చెల్లెలికి 26కే ఇద్దరు. ఇంకో ఏడాది ఆగితే ఏమైనా తేడా వస్తుందా? కాకపోతే ఐవీఎఫ్ ఉందిగా అంటున్నారు ఫ్రెండ్స్.
- ఒక పాఠకురాలు

జవాబు: ఆగకండమ్మా. 26లో ఒక ఏడాది వాయిదా వేస్తే పెద్దగా తేడా రాదు. 37లో అదే ఏడాది ఖరీదైనది. కారణం గర్భసంచి కాదు, అండం వయసు. ఆడపిల్ల పుట్టకముందే అండాలన్నీ తయారై, సగం విభజన దగ్గర ఆగి ఉంటాయి. విడుదలయ్యే నెలలోనే ఆ విభజన మళ్లీ మొదలవుతుంది. అన్నేళ్లూ క్రోమోజోముల జంటలను పట్టి ఉంచే ప్రొటీన్లు వయసుతో పాటు పాత చొక్కా గుండీ దారంలా వదులవుతాయి. దాంతో పంపకం తప్పి, ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో వెళుతుంది. అలాంటి పిండాల్లో చాలావరకు నిలవవు, కొన్ని మొదటి మూడు నెలల్లోనే పోతాయి. అందుకే ఇరవైల్లో నూటికి పది, పదిహేను ఉండే గర్భస్రావాలు ముప్పైల చివర్లో ఇరవై దాటుతాయి. డౌన్ సిండ్రోమ్ 25 ఏళ్ల తల్లుల్లో సుమారు 1250 మందిలో ఒకరి బిడ్డకు కనిపిస్తే, 38లో అది 150–200 మందిలో ఒకరికి. అంటే మీ వయసులోనూ నూటికి 99 మందికి పైగా తల్లులకు ఆ సమస్య ఉండదు.

ఏఎంహెచ్ చెప్పేది అండాల నిల్వ మాత్రమే. నాణ్యతను చెప్పదు, సహజంగా గర్భం వస్తుందో రాదో కూడా చెప్పదు. 1.6 బాగుందని ఏడాది ఆగడానికి అది గ్యారంటీ కార్డు కాదు. ఐవీఎఫ్ కూడా వయసును వెనక్కి తిప్పదు, మీ అండాలే వాడతారు కాబట్టి సక్సెస్ రేటు వాటితో పాటే తగ్గుతుంది.

మీ చెల్లెలితో పోల్చుకోవడంలో ఒక మాట. ఏపీ, తెలంగాణల్లో ఇరవైల మధ్యలోనే ఇద్దరిని కని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లలో బీపీ, గర్భంలో షుగర్, సిజేరియన్ అవసరం తక్కువ, కానీ రక్తహీనత ఎక్కువ, చదువూ ఉద్యోగమూ మధ్యలో ఆగిపోతాయి. మీకు ఆదాయం, నిలకడ ఉన్నాయి. అయితే రాత్రిళ్లు బిడ్డను ఎత్తుకోవాల్సిన అమ్మమ్మ, నాయనమ్మలకు కూడా వయసు మీద పడుతుంది. ఈ లెక్క కూడా వేసుకోండి.

ఇద్దరు పిల్లలు కావాలనుకుంటే తొందర ఇంకా ఎక్కువ. ఇప్పుడు మొదలుపెట్టి ఆరు నెలల్లో గర్భం నిలిచినా, కాన్పు నాటికి 38 దాటుతుంది. కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య ఏడాదిన్నర విరామం ఇస్తే రెండో కాన్పు నాటికి 40 దాటిపోతారు. అది అప్పుడే మొదలై, అప్పుడే నిలిస్తేనే.

ఈ నెలలోనే చేయాల్సినవి చెబుతాను. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టండి. షాపుల్లో తరచుగా ఇచ్చే 5 మిల్లీగ్రాముల బిళ్ల షుగర్ ఉన్నవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు, గతంలో బిడ్డకు వెన్నులోపం వచ్చినవాళ్లకు. బీపీ, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్, రుబెల్లా రక్షణ పరీక్షించుకోండి. రుబెల్లా టీకా వేయించుకుంటే ఒక నెల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి. మీవారి వీర్య పరీక్ష కూడా ఇప్పుడే చేయించండి. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి ఇవ్వాలి. ఆయన పరీక్ష చివరికి వదిలేసి, ఆడవాళ్లకు మాత్రమే నెలల తరబడి స్కాన్లు చేయించడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు.

యాప్ చూపించిన ఒక్క రోజును నమ్ముకోకండి. అండం బతికేది ఒక రోజే, వీర్యకణాలు ఐదు రోజుల వరకు ఉంటాయి. 28 రోజుల నెలసరి అయితే పదో రోజు నుంచి పదహారో రోజు వరకు రోజు విడిచి రోజు కలవండి.

ముప్పై అయిదు దాటాక ఏడాది ఎదురుచూడకూడదు. ఆరు నెలల్లో నిలవకపోతే ఫెర్టిలిటీ నిపుణులను కలిసి, ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూపించుకోండి. గర్భం నిలిస్తే, 11 నుంచి 13 వారాల ఆరు రోజుల మధ్య ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ తప్పనిసరిగా చేయించుకోండి. ఎన్‌ఐపీటీ రక్తపరీక్ష పదో వారం నుంచే చేయొచ్చు. ఇవన్నీ డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోము లోపాల అనుమానాన్ని మాత్రమే చెబుతాయి, నిర్ధారణకు 11 వారాల తర్వాత మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష గానీ, 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్ష గానీ కావాలి. 35 దాటి తొలి కాన్పు కాబట్టి బీపీ ముప్పు తగ్గించే తక్కువ డోసు ఆస్పిరిన్ అవసరమేమో 12వ వారంలోనే మీ డాక్టర్‌ను అడగండి. 16 వారాలు దాటాక మొదలుపెడితే అంత ఫలితం ఉండదు. సొంతంగా మాత్రం వేసుకోకండి.