డిగ్రీ ఉంటే పీఈ ఉన్నట్టేనా?

"హైదరాబాద్‌లో బీటెక్ సివిల్, టెక్సాస్‌లో ఎంఎస్ అయ్యాయి. డ్రాయింగ్ మీద నేను సంతకం పెట్టొచ్చా? పీఈకి ఎక్కడ మొదలుపెట్టాలి?"

పెట్టకూడదు తమ్ముడూ. డిగ్రీ చదువుకు రుజువు మాత్రమే. డ్రాయింగ్ మీద సీల్ వేసే హక్కు రాష్ట్ర బోర్డు ఇచ్చే పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్స్‌తోనే వస్తుంది.

ముందు ఎఫ్ఈ, అంటే ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్ పరీక్ష రాసెయ్. 110 ప్రశ్నలు, మొత్తం 6 గంటలు. గణితం, స్టాటిక్స్ గుర్తుండగానే రాయడం తేలిక. తర్వాత బోర్డుకు అప్లై చేస్తే ఈఐటీ, అంటే ఇంజనీర్ ఇన్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇంజనీరింగ్ కోర్సులను పరిశీలించే అమెరికా సంస్థ అబెట్ గుర్తింపు మన బీటెక్‌కు సాధారణంగా ఉండదు కాబట్టి, దాన్ని ఈ పరీక్షలు నిర్వహించే ఎన్‌సీఈఈఎస్‌తో మదింపు చేయించాల్సి రావచ్చు. కాలేజీ నుంచి సీల్డ్ ట్రాన్స్‌క్రిప్ట్ రావడానికే నెలలు పట్టొచ్చు, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టు.

తర్వాత అనుభవం. గుర్తింపు ఉన్న డిగ్రీకి మామూలుగా 4 ఏళ్లు, లేకపోతే ఇంకా ఎక్కువ అడుగుతారు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. "డ్రైనేజీ డిజైన్‌లో సాయం చేశాను" అని రాస్తే అందులో నీ ఇంజనీరింగ్ ఏమిటో బోర్డుకు తెలియదు. "25 ఏళ్లకోసారి వచ్చేంత పెద్ద వానకు ప్రవాహం లెక్కగట్టి, రెండు కల్వర్టు సైజులు పోల్చి, రోడ్డు మీదికి నీళ్లు ఎక్కనిదాన్ని ఎంచుకున్నాను" అని రాయి. నీ పని దగ్గరగా చూసిన పీఈ దాన్ని ధ్రువీకరించాలి. నేను మొదటి ఉద్యోగం మానేశాక ఆ మేనేజర్‌ను వెతికి పట్టుకోవడానికి ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. కంపెనీ మారే ముందే ఆ వివరాలు రాసి, ఆయనకు చూపించి పెట్టుకో.

మిగిలింది పీఈ సివిల్ పరీక్ష, 80 ప్రశ్నలు. అది ఎప్పుడు రాయొచ్చో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, టెక్సాస్ బోర్డు సైట్‌లో నిబంధన చూసుకో.