సున్నా ఉన్న తీసివేతలకు ఎలాంటి టీఎల్‌ఎం చేయొచ్చు?

ప్రశ్న: విజయనగరం జిల్లాలో మూడో తరగతికి చెప్తున్నాను. 52 – 27 లాంటివి పిల్లలు బాగానే చేస్తున్నారు. పై సంఖ్యలో మధ్యన సున్నా వస్తే మాత్రం ఎన్నిసార్లు బోర్డు మీద చెప్పినా తప్పే. ఖర్చు లేకుండా తయారుచేసుకునే టీఎల్‌ఎం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. మేం కొబ్బరి ఈనెలతో చేసుకుంటాం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం, ఇక్కడ ఈనెలకి కొరత లేదు. మీకు దొరక్కపోతే చీపురు పుల్లలైనా చాలు.

పుల్లలు కోసే ముందు ఒక పని చేయండి. బోర్డు మీద 203 – 78 రాసి, ఎవరికీ సాయం చేయకుండా పలకలన్నీ చూడండి. తప్పని కొట్టేయకుండా, ఎవరు ఏ జవాబు రాశారో మీ నోట్సులో రాసుకోండి. 275 రాసిన పిల్ల ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేసింది. కింద 8 ఉంటే అందులోంచి 3 తీసింది, 7లోంచి 0 తీసింది. 175 రాసినవాడు వందని తగ్గించి, దాన్ని నేరుగా ఒకట్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. మధ్యలో పదుల స్థానాన్ని దాటేశాడు. 135 రాసిన పిల్ల దాదాపు వచ్చేసింది. సున్నాని 10 చేసింది గానీ, అందులోంచి ఒకటి ఒకట్లకి వెళ్లాక 9 మిగలాలని మరిచింది. ఈ ముగ్గురికీ ఒకే వివరణ సరిపోదు. బోర్డు మీద మళ్లీ మళ్లీ చెప్పినా ఫలితం లేకపోవడానికి కారణం అదే అని నా అభిప్రాయం.

ఇక తయారీ. ఈనెల మొదలూ కొసా తీసేసి, మధ్య భాగాన్ని బెత్తెడు ముక్కలుగా కోయండి. చివర్లు గుచ్చుకోకుండా గరుకు నేల మీద రుద్దండి. నలుగురైదుగురు పిల్లల జట్టుకి 210 పుల్లలు కావాలి. పదేసి ఒక కట్ట కట్టండి. అలాంటి పది కట్టల్ని కలిపి ఒక పెద్ద కట్ట చేస్తే అది వంద. ఇక్కడ జాగ్రత్త: వంద విడి పుల్లల్ని ఒకేసారి కట్టేస్తే ఈ టీఎల్‌ఎం పనికిరాదు. పెద్ద కట్ట విప్పగానే లోపల పది చిన్న కట్టలు కనబడాలి, పాఠమంతా అందులోనే ఉంది. రబ్బరు బ్యాండ్లు ఎండకి తెగిపోతాయి. సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగి సన్నటి రింగులుగా కత్తిరించుకోండి, చాలా కాలం వస్తాయి. పాత ఫ్లెక్సీ వెనకవైపు వందలు, పదులు, ఒకట్లు అని మూడు గడులు గీస్తే పుల్లలు పెట్టుకోవడానికి చోటు సిద్ధం.

ఇప్పుడు 203 – 78. వందల గడిలో రెండు పెద్ద కట్టలు, పదుల గడి ఖాళీ, ఒకట్లలో మూడు పుల్లలు. మూడింట్లోంచి ఎనిమిది తీయలేం. పక్క గడిలో చూస్తే ఏమీ లేదు. ఇక్కడ పిల్లలు కాసేపు ఆగిపోతారు, ఆగనివ్వండి. ఎవరో ఒకరు పెద్ద కట్ట విప్పుదామంటారు. విప్పితే పది చిన్న కట్టలు పదుల గడిలోకి వస్తాయి. వాటిలో ఒకదాన్ని విప్పి ఒకట్లలో పోస్తే అక్కడ 13, పదుల్లో 9 కట్టలు. 9 ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పనక్కర్లేదు, వాళ్లే లెక్కపెడతారు. ఒకట్లలోంచి 8, పదుల్లోంచి 7 తీస్తే మిగిలేది 125.

చాలామంది దగ్గర తేడా వచ్చేది దీని తర్వాతే. పుల్లలతో సరిగ్గా చేసిన పిల్లే నోటుబుక్కులో మళ్లీ 275 రాస్తుంది, ఎందుకంటే తనకి పుల్లలు వేరు, అంకెలు వేరు. అందుకే మా క్లాసులో ఒకరు పుల్లలు కదుపుతారు, ఇంకొకరు పలక మీద రాస్తారు. పెద్ద కట్ట విప్పగానే 2 కొట్టేసి 1, సున్నా మీద 10 రాయాలి. అది రాశాకే చిన్న కట్ట విప్పాలి, అప్పుడు 10 కొట్టేసి 9, 3 బదులు 13. తర్వాతి లెక్కకి ఇద్దరూ పనులు మార్చుకోవాలి.

కొన్నాళ్లకి పుల్లలు తీసేసి బొమ్మలు గీయించండి: వందకి చదరం, పదికి గీత, ఒకటికి చుక్క. ఆ తర్వాత ఉత్త అంకెలు. 300 – 146 ఇచ్చి, "ఈ 9 ఏ కట్టలోది?" అని అడగండి. వంద విప్పితే వచ్చిన పదుల్లో మిగిలినవని పిల్ల చెప్పగలిగితే ఇక ఆ పిల్లకి పుల్లలు అక్కర్లేదు. వేలకి ఈ పుల్లలు కుదరవు, వెయ్యి పుల్లలు ఏ జట్టూ సర్దలేదు. అక్కడ అట్టతో చేసిన 1000, 100, 10, 1 నోట్లు వాడండి. అయితే నోటుని విప్పలేం, మార్చుకోవాలి. కాబట్టి పుల్లల దశ దాటిన పిల్లలకే ఇవ్వండి.

ఇంకో సంగతి: మధ్యమధ్యలో 168 – 142 లాంటివి కూడా ఇస్తూ ఉండండి. లేకపోతే విప్పడం అలవాటై, అవసరం లేని చోట కూడా కట్టలు విప్పేస్తారు.