149 రూపాయల బొంగరానికి ఎంత వివరణ చాలు?

"ఏటికొప్పాక లక్క బొంగరం 149 రూపాయలకు ఆన్‌లైన్‌లో పెట్టాను. కళాకారుల కథంతా రాయనా, నాలుగు ముక్కల్లో తేల్చేయనా?"

క్లుప్తంగానే రాయండి. ఇంత తక్కువ ధర వస్తువును కొనేవారు ఫోన్‌లో వేలితో పేజీ జరుపుతూ, ఫొటో నచ్చిన క్షణంలో తలెత్తే రెండు మూడు సందేహాలు తీరితే కొంటారు, తీరకపోతే ముందుకు సాగిపోతారు. బొంగరం ఎంత పెద్దది, రంగు పిల్లల చేతికి అంటుతుందా, డెలివరీ ఛార్జీ ఎంత అన్నవే ఆ సందేహాలు.

అయితే కథను పూర్తిగా తీసేయకండి, ఎందుకంటే పక్కనే 40 రూపాయల ప్లాస్టిక్ బొంగరం కనిపించినప్పుడు ఈ ధర ఎందుకో చెప్పగలిగేది అదే. దానిని ఒకే వాక్యానికి కుదించి, ఫొటో కిందనే పెట్టండి: "అంకుడు కర్రను లేత్ మీద చెక్కి, సహజ రంగులు కలిపిన లక్కతో మెరుగుపెట్టిన, అరచేతిలో ఇమిడే బొంగరం." (మీ సరుకులో నిజంగా సహజ రంగులే వాడితేనే ఆ మాట రాయాలి.) దాని కింద సెంటీమీటర్లలో కొలత, రంగు చేతికి అంటుతుందో లేదో, ఏ వయసు పిల్లలకో, డెలివరీ ఛార్జీ, గడువు విడివిడి వరుసల్లో ఉంటే చాలు.

జనం కార్ట్‌లో వేసి, డెలివరీ ఛార్జీ చూశాక వదిలేస్తుంటే మాత్రం లోపం మీ రాతలో లేదు. 149కి మరో 60 తోడైతే ఎంత మంచి కథా నిలబెట్టలేదు. అప్పుడు మూడు బొంగరాలను సెట్‌గా పెట్టి చూడండి. కళాకారుల కథను బహుమతి పెట్టె లాంటి ఖరీదైన సరుకు పేజీకి దాచుకోండి, అక్కడ కొనేవారు తీరిగ్గా చదువుతారు.